రెండు షీట్లు కలిపాక అమ్మకం 2,55,000 పెరిగింది: Remove Duplicates నొక్కాలా, వద్దా?

సుజాత_తెనాలి
మా ఏజెన్సీ మార్చి బిల్లుల ఎక్సెల్ షీటులో 412 వరుసలు, మొత్తం 23,60,000. వసూళ్ల షీటుని బిల్లు నంబరు మీద Merge Queries తో కలిపితే 447 వరుసలు, 26,15,000 వచ్చింది. Remove Duplicates నొక్కితే ఏమీ దొరకలేదంటోంది. ఈ డూప్లికేట్లని ఎలా పట్టుకోవాలి? రేపు ఓనరుగారికి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

కాకినాడ_రాజు
అన్ని కాలమ్‌లకీ టిక్ ఉంచేసి నొక్కి ఉంటారు. బిల్లు నంబరుకి ఒక్కదానికే టిక్ ఉంచి మళ్లీ నొక్కండి. 412కి వచ్చేస్తుంది, అమ్మకం కూడా సరిపోతుంది. రెండు నిమిషాల పని.

పద్దుల_రమణ
సుజాతగారూ, ఆగండి, అది నొక్కకండి. వసూళ్ల షీటులో ఒకే బిల్లుకి రెండు రసీదులున్నాయేమో ముందు చూడండి. కొట్టువాళ్లు సగం ఇవాళ, సగం వచ్చే వారం ఇస్తుంటారు కదా. అలాంటి బిల్లుని కలిపితే రసీదుకో వరుస పడుతుంది, బిల్లు మొత్తం ప్రతి వరుసలోనూ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. రసీదు నంబర్లు వేరు కాబట్టి ఆ వరుసలు Remove Duplicates కంటికి డూప్లికేట్లే కావు. ఏమీ దొరకలేదని చెప్పింది అందుకే.

బిల్లుల షీటులో పక్కన ఒక కాలమ్ పెట్టి ఇది వేయండి. మీ వసూళ్ల షీటు పేరు, కాలమ్‌లు వేరైతే మార్చుకోండి.

```
=COUNTIF(Receipts!B:B, A2)
```

2, ఆపైన వచ్చిన బిల్లులు తీసి, ఒక్కోదానికి ఆ అంకెలోంచి 1 తగ్గించి కూడండి. 35 వస్తే మీ అదనపు వరుసలన్నీ అవే. తగ్గించగా మిగిలిన అంకెతో ఆ బిల్లు మొత్తాన్ని గుణించి కూడితే 2,55,000 రావాలి. సున్నా వచ్చినవి ఇంకా వసూలు కాని బిల్లులు, వాటిని ఈ లెక్కలో కలపకండి.

ఓరుగల్లు_వాసు
నేను ఎప్పుడూ VLOOKUP తోనే తెచ్చుకుంటా. ఇన్నేళ్లలో ఒక్క వరుస కూడా పెరగలేదు.

పద్దుల_రమణ
పెరగదు వాసుగారూ. అది మొదట కనబడిన రసీదునే తెస్తుంది, రెండోది మీ షీటులోకి రానే రాదు. పార్టీల బాకీ ఒకసారి సరిచూసుకోండి.

సుజాత_తెనాలి
వేశానండి. 31 బిల్లులకి 2, రెండు బిల్లులకి 3 వచ్చింది. 31కి 4 కలిపితే 35. డబ్బు కూడా సరిగ్గా 2,55,000 వచ్చింది! ఉదాహరణకి 2117 బిల్లు 18,000. ముందు 10,000 నగదు, తర్వాత 8,000 యూపీఐ. కలిపిన షీటులో 18,000 రెండుసార్లు ఉంది.

కాకినాడ_రాజు
అయితే నేను చెప్పిందే కదా? రెండో 18,000 తీసేయాలి. బిల్లు నంబరు మీద Remove Duplicates కొడితే పోతుంది.

పద్దుల_రమణ
దాంతోపాటు 8,000 రసీదు కూడా పోతుంది రాజుగారూ. అది పై వరుసని ఉంచి కింది వరుస మొత్తాన్ని తీసేస్తుంది. 18,000 పూర్తిగా కట్టేసిన కొట్టు 8,000 బాకీ ఉన్నట్టు కనబడుతుంది. మీ సేల్స్‌మన్ వెళ్లి అడిగితే ఆయన ఊరుకుంటాడా?

కాకినాడ_రాజు
ఆవిడ అడిగింది అమ్మకం మొత్తం గురించి, బాకీల గురించి కాదు. ఈ "తీయకండి, తీయకండి" అన్న మాట వల్లే నేను నష్టపోయాను. పాత కంపెనీలో ఇలాగే ఉబ్బిన మొత్తం మీద మా టీముకి ఇన్సెంటివ్ ఇచ్చారు. తర్వాతి నెల తప్పు బయటపడింది, నా జీతంలోంచి కోసుకున్నారు. షీటు తయారుచేసినాయన మాత్రం హాయిగా ఉన్నాడు. డూప్లికేటు కనబడితే తీసేయాలి, అంతే.

పద్దుల_రమణ
నాకు జరిగింది కూడా వినండి. బట్టల హోల్‌సేల్‌లో పనిచేశాను. ఒక పార్టీ పొద్దున 12 చీరలు తీసుకెళ్లాడు, సాయంత్రం మళ్లీ వచ్చి అవే 12 చీరలు అదే రేటుకి తీసుకున్నాడు. రెండు బిల్లులు. ఆ షీటులో బిల్లు నంబరు కాలమ్ లేదు. పార్టీ, తేదీ, సరుకు, మొత్తం అన్నీ ఒకటేనని ఎవరో డూప్లికేటు కింద ఒకటి కొట్టేశారు. స్టాకులో 12 తక్కువొచ్చాయి. కౌంటరు కుర్రాడిని దొంగన్నారు. వాడు మానేసి వెళ్లిపోయాడు. తీసేయడం రెండు నిమిషాల పనే, కానీ తీసేసినవి తర్వాత ఎక్కడా కనబడవు.

కాకినాడ_రాజు
అది బిల్లు నంబరు రాయనివాళ్ల తప్పు. నేను బిల్లు నంబరు మీదే తీయమన్నాను. నేను అననిది నా మీద రుద్దకండి.

ఏలూరు_భాస్కర్
మధ్యలో ఒక మాట. బిల్లు నంబరుని కూడా గుడ్డిగా నమ్మకండి. జీఎస్టీలో నంబరు ఒక ఆర్థిక సంవత్సరం లోపల రెండోసారి రాకపోతే చాలు. మేం ఏప్రిల్ 1న మళ్లీ 1 నుంచి మొదలుపెడతాం. పోయిన ఏప్రిల్, ఈ ఏప్రిల్ షీట్లు కలిపి నంబరు మీద డూప్లికేట్లు తీస్తే అసలు బిల్లులే పోయాయి. నంబరుతోపాటు ఆర్థిక సంవత్సరం కూడా పెట్టుకున్నాకే సరైంది.

లక్ష్మి_ఆడిట్
రాజుగారికి ఒక వరుస అంటే ఒక బిల్లు. రమణగారికి ఒక వరుస అంటే ఒక రసీదు. అది తేలకుండా ఏది డూప్లికేటో ఎవరూ చెప్పలేరు. సుజాతా, ఓనరుగారికి కావాల్సింది ఏదమ్మా? బిల్లుకో వరుస చాలంటే, Power Query లో ముందు వసూళ్ల షీటుని బిల్లు నంబరు మీద Group By చేసి మొత్తం Sum తీసుకో, ఆ తర్వాత కలుపు. 2117కి 18,000 అమ్మకం, 18,000 వసూలు, ఒకే వరుస వస్తుంది. మామూలు షీటులోనే చేసుకోవాలంటే ఇది చాలు:

```
=SUMIFS(Receipts!D:D, Receipts!B:B, A2)
```

సుజాత_తెనాలి
Group By చేశాను మేడం. 412 వరుసలు, 23,60,000 సరిపోయింది. చాలా థాంక్స్. కానీ ఓనరుగారికి ఫోన్ చేస్తే, ఏ సేల్స్‌మన్ ఏ తేదీన ఎంత వసూలు చేశాడో అదే షీటులో కావాలన్నారు. కమిషన్ వసూలు మీదే ఇస్తారు. 2117లో నగదు ఒకరు తెచ్చారు, యూపీఐ ఇంకొకరు వేయించారు. Group By లో ఆ పేర్లు పోయాయి.

కాకినాడ_రాజు
అయితే 447 వరుసలూ ఉంచండి. అమ్మకానికి కొత్త కాలమ్ పెట్టి, బిల్లు మొదటిసారి వచ్చిన వరుసలోనే మొత్తం పడేలా చేయండి. A లో బిల్లు నంబరు, E లో బిల్లు మొత్తం అనుకుంటే:

```
=IF(COUNTIF($A$2:A2,A2)=1,E2,0)
```

ఏ రసీదూ పోదు, అమ్మకం కూడా ఉబ్బదు. ఇప్పుడైనా ఒప్పుకుంటారా రమణగారూ?

పద్దుల_రమణ
మొత్తం వరకు ఒప్పుకుంటాను, మంచి ఉపాయం. కానీ సేల్స్‌మన్ పేరు మీద ఫిల్టర్ వేస్తే 2117 అమ్మకం మొత్తం మొదటాయన ఖాతాలో పడుతుంది, రెండో ఆయనకి సున్నా చూపిస్తుంది. ఆ కాలమ్‌ని సేల్స్‌మన్ వారీగా ఎవరైనా చదివితే మళ్లీ గొడవే. బిల్లులొక షీటు, వసూళ్లొక షీటు విడిగానే ఇచ్చి, రెండిటి మొత్తాలూ పైన రాయమంటాను.

కాకినాడ_రాజు
ఓనరు ఒకే షీటు అడుగుతుంటే రెండు ఇమ్మంటే ఎలా? ఉద్యోగం చేసేది ఆవిడ.

లక్ష్మి_ఆడిట్
ఒకే షీటు ఇచ్చేట్టయితే ఆ కాలమ్‌కి "బిల్లు అమ్మకం, సేల్స్‌మన్ వారీగా చదవకూడదు" అని పేరు పెట్టు సుజాతా. నేనైతే రెండూ ఇస్తాను.

సుజాత_తెనాలి
రెండూ పంపుతున్నాను. ఇంకో చిక్కు. 2098 బిల్లు కట్టేశారని సేల్స్‌మన్ అంటున్నాడు, కలిపిన షీటులో మాత్రం వసూలు ఖాళీగా ఉంది. వసూళ్ల షీటులో ఆ నంబరు చివర ఒక స్పేస్ పడి ఉంది. ఖాళీగా ఉన్న మిగతా బిల్లులు కూడా ఇలాంటివేనేమో, రెండు షీట్లకీ Trim చేసి మళ్లీ కలుపుతున్నాను.