మొదటి పెగ్గుకు హుషారు, మూడు దాటితే ఏడుపు: మందు ఒకటే, పని రెండెట్లయింది?

దేవరకొండ కుర్రోడు అడిగింది:
ఒక పెగ్గు పడంగనే మనిషి తేలికైతడు, నవ్వుతడు, అందరితోని మాట్లాడ్తడు. మూడు దాటినంక అదే మనిషి మూగగ కూసుంటడు, లేదంటే ఏడుస్తడు. సీసల మందు మారలే గదా, మెదడుల రెండు తీర్ల పని ఎట్ల చేస్తది?

పాలమూరు మెడికల్:
సింపుల్ అన్నా. మొదట్ల డోపమైన్ రిలీజ్ అయితది, అదే హుషారు. ఆ స్టాకు అయిపోయినంక డిప్రెషన్. అంటే మందు ముందు ఉత్తేజం ఇస్తది, డోసు పెరిగినంక మత్తు ఇచ్చేదిగ మారుతది.

మూసీ ఒడ్డు:
తమ్ముడూ, డోపమైన్ పెరుగుడు నిజం. స్టాకు అయిపోవుడు అనేది మాత్రం కాదు. మందు గుణం మధ్యలో మారదు, మొదటి గుక్క నుంచి అది నరాల పనిని నెమ్మది చేస్తనే ఉంటది. మెదడులో గాబా అని ఒక రసాయనం బ్రేకు లెక్క, గ్లూటమేట్ అని ఇంకొకటి యాక్సిలరేటర్ లెక్క పనిచేస్తయి. ఆల్కహాల్ బ్రేకును ఇంకా గట్టిగ తొక్కిస్తది, యాక్సిలరేటర్ మీద కాలు తీయిస్తది.

మరి హుషారెక్కడిది? తక్కువ డోసుకే మందగించే వాటిల నుదుటి వెనక భాగం ఒకటి. "పెద్దమనుషులున్నరు, ఆ మాట అనకు" అని మనల్ని ఆపేది అదే. ఆపేటిది కునుకు తీసినప్పుడు మాట, నవ్వు ఎక్కువైతయి. డోపమైన్, ఎండార్ఫిన్ దానికి తోడైతయి. డోసు పెరిగిన కొద్ది చిన్నమెదడు తడబడ్తది, అప్పుడు కాళ్లు తూలుతయి, నాలుక మడత పడ్తది. తర్వాత జ్ఞాపకం రాసుకునే చోటు ఆగిపోతది. మనిషి మాట్లాడుతనే ఉంటడు, తెల్లారితే ఒక్క ముక్క యాదికుండదు. ఇంకా పైకి పోతే శ్వాసను నడిపే మెదడు కాండం దాకా వస్తది.

ఏడుపుకు ఇంకో కారణం కూడా ఉంది. మత్తులో మనసు ఒక్క విషయం మీదనే ఆగిపోతది, పక్కది కనపడదు. ఎదురుగ దోస్తులు నవ్వుతుంటే నవ్వే ప్రపంచం. అందరు లేచిపోయినంక బోరుబావికి తెచ్చిన అప్పు యాదికొస్తే అదొక్కటే ప్రపంచం.

ఒక మాట సరిచేసుకోవాలె. మందును డిప్రెసెంట్ అంటరు, ఆ మాటకు దిగులు పుట్టించేది అని మనం అర్థం చెప్పుకుంటున్నం. మందుల శాస్త్రంల దాని అర్థం నరాల పని తగ్గించేది అని మాత్రమే. నవ్వుతున్న మనిషి మెదడు మీద కూడా అప్పటికే ఆ పని నడుస్తనే ఉంటది.

నల్లగొండ లెక్కల సార్:
మీరు అంతా డోసు మీదనే పెడుతున్నరు. నేను ఒప్పుకోను. ఎక్కేటప్పుడు ఒక తీరు, దిగేటప్పుడు ఒక తీరు ఉంటది. లెక్క వేసి చూపిస్త.

65 కిలోల మగమనిషి. విస్కీ 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెగ్గులో అసలు ఆల్కహాల్ సుమారు 20 గ్రాములు. ఆ మనిషి రక్తంల అది 100 మిల్లీలీటర్లకు సుమారు 46 మిల్లీగ్రాములు పెంచుతది. లివరు గంటకు సుమారు 15 తగ్గిస్తది. 7:30కు ఒకటి, 8 గంటలకు ఒకటి, 8:30కు ఒకటి వేస్తే క్వార్టర్ అయిపోయింది. రెండో పెగ్గు సగం ఎక్కిన 8:15కు రక్తంల 60 దగ్గర ఉంటది. 9:30 ప్రాంతంల 107 దాకా పోతది. తర్వాత దిగుకుంట రాత్రి 12:30కు మళ్ల 60 దగ్గరికే వస్తది. రెండు సార్లు అంకె ఒకటే. 8:15కు మనిషి పాట పాడుతుంటడు, 12:30కు గోడకు ఒరిగి ఉంటడు. డోసే కారణమైతే ఈ తేడా ఎందుకు?

మూసీ ఒడ్డు:
సార్, ఈ మాట సరైంది, నేను వదిలేసిన. హుషారు ఎక్కువగ ఎక్కే దారిలోనే ఉంటది, దిగే దారిలో మత్తు, మందగింపు మిగుల్తయి. తడబాటు విషయంల మాత్రం మెదడు ఆ కొన్ని గంటలలోనే మందుకు కొంత సర్దుకుంటది. మెల్లన్బీ అనే ఆయన 1919లో కుక్కల మీద చేసిన పనిల ఇది కనపడ్డది: అంకె ఒకటే అయినా, దిగేటప్పుడు తడబాటు ఎక్కేటప్పటికంటె తక్కువ.

ప్రమాదం కూడా అక్కడనే ఉంది. 12:30కు మనిషికి "దిగింది, బండి తీస్త" అనిపిస్తది. బండి నడిపేటోనికి చట్టం పెట్టిన హద్దు 30, ఇతని రక్తంల 60 ఉంది. మీ లెక్కనే ముందుకు నడిపితే 30 కిందికి వచ్చేసరికి తెల్లవారుజామున 2:40 దాటుతది, పూర్తిగ పోయేసరికి 4:40. అదే హాఫ్ తాగితే రేపు మధ్యాహ్నం దాకా రక్తంల ఉంటది. కడుపు నిండ తిని తాగితే ఎక్కుడు నెమ్మదైతది, అంకెలు కొంచెం తగ్గుతయి. తాగినంక తింటే లోపలికి పోయిన దాన్ని అది ఆపలేదు. అదే పెగ్గు ఆడమనిషికి ఇంకా పైకి పోతది, ఒంట్ల నీళ్ల పాలు తక్కువ కాబట్టి.

చిట్యాల అన్న:
నాకు నాలుగు పడ్డా ఏం కాదు. అంటే నా మెదడు గట్టిదే కదా?

మూసీ ఒడ్డు:
అన్నా, అలవాటైన మెదడు బ్రేకును బలహీనం చేసుకొని, యాక్సిలరేటర్‌ను ఎక్కువ చేసుకొని కూసుంటది. అందుకే తూలరు. రక్తంల అంకె మాత్రం అందరి లెక్కనే ఎక్కుతది. రాత్రి మందు దిగినంక బ్రేకు పోతది, యాక్సిలరేటర్ మిగుల్తది. తెల్లవారుజామున గుండె దడతోని మెలకువ, పొద్దున చేతుల వణుకు, ఊకెనే భయం దాని నుంచే. ఆ భయానికి ఇంకో పెగ్గు వేస్తే తగ్గినట్టు అనిపిస్తది, మెదడు సర్దుబాటు ఇంకింత ముదురుతది.

అచ్చంపేట అక్క:
మా దిక్కు విస్కీ కంటె కల్లే ఎక్కువ. కల్లుల ఆల్కహాల్ తక్కువ అంటరు. మరి రెండు సీసలకే మనిషి నాలుగు గంటలు లేవకుండ ఎందుకు పడుకుంటడు?

మూసీ ఒడ్డు:
అక్కా, కల్లులో ఆల్కహాల్ సుమారు 4, 5 శాతం అనుకుందాం. 650 మిల్లీలీటర్ల రెండు సీసలంటే 45 గ్రాముల పైచిలుకు, అంటే రెండు పెగ్గులకు కొంచెం ఎక్కువ. పెద్ద మనిషి దానికి అంతసేపు లేవకుండ పడుకోడు. అట్ల పడుకుంటే కల్తీని అనుమానించాలె. మన జిల్లాల కల్తీ కల్లు కేసుల్లో డైజిపామ్, అల్ప్రాజొలామ్, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర మందులు దొరికినయి. ఇవన్నీ ఆల్కహాల్ తొక్కే అదే గాబా బ్రేకును తొక్కుతయి. రెండు కలిస్తే శ్వాస మీద భారం పడ్తది. రుచి చూసో, రంగు చూసో ఈ కల్తీని పట్టలేం.

పడుకున్న మనిషిని పిలిచి, భుజం గట్టిగ నొక్కి చూడుండ్రి. కదలకపోయినా, శ్వాస నిమిషానికి 8 కంటె తగ్గినా, రెండు శ్వాసల మధ్య 10 సెకన్ల ఎడం వచ్చినా, పెదవులు నీలం తిరిగినా 108కి చెయ్యాలె. పక్కకు తిప్పి పడుకోబెట్టాలె. మజ్జిగ, నిమ్మరసం నోట్ల పొయ్యొద్దు, మింగలేని మనిషికి అది ఊపిరితిత్తులకు పోతది. ఒంటరిగ వదలొద్దు, కడుపుల ఉన్నది ఇంకా ఎక్కుతనే ఉంటది.

అచ్చంపేట అక్క:
మా మామ రోజూ తాగుతడు. రేపటి నుంచి బందు చేపిస్తమంటే?

మూసీ ఒడ్డు:
ఒక్కసారిగ ఆపకుండ్రి అక్కా. ఆల్కహాల్ వరకు చూస్తే 6 నుంచి 48 గంటల్ల ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు లేనివి కనపడుడు, గాబరా, జ్వరం రావచ్చు. కల్లుల గోళీల మందు ఉంటే ఇవి ఇంకా ఆలస్యంగ వస్తయి, మూడు రోజులు బాగుంటే చాలు అనుకోవద్దు. ముందే జిల్లా ఆసుపత్రిల మానసిక వైద్యునికి చూపించి, రోజుకు ఎంత, ఎన్నేండ్ల నుంచి తాగుతున్నడో చెప్పుండ్రి. కల్లు అనే మాట దాచొద్దు.

పాలమూరు మెడికల్:
స్టాకు మాట వెనక్కి తీసుకుంటున్న అన్నా. కాని ఒకే కొలత తాగితే ఒకనికి హుషారు ఎక్కువ, ఇంకొకనికి నిద్ర ఎక్కువ. అది బ్రేకు లెక్కతోని మొత్తం తేలదు.

మూసీ ఒడ్డు:
తేలదు. హుషారు ఎక్కువ, నిద్ర తక్కువ వచ్చేటోళ్లే మున్ముందు ఎక్కువ తాగే దిక్కు పోతున్నరని పరిశోధనలల్ల కనపడ్డది. అది పుట్టుక నుంచి ఎంత, అలవాటు నుంచి ఎంత అనేది మాత్రం ఇంకా వాదనలోనే ఉంది.