చిట్కాలు ఉంచాలా, పూర్తి వంటలు ఉంచాలా? షార్ట్స్ నెలాఖరు లెక్క

పోపులపెట్టె: మా వంటల ఛానల్లో అన్నీ షార్ట్సే. పోయిన నెల చిట్కాలు 8 పెడితే 96 వేల వ్యూస్, పూర్తి వంటలు 6 పెడితే 42 వేలు, కామెంట్లకు జవాబులు 4 కలిపి 5 వేలు. చిట్కాలే ఉంచి మిగతావి ఆపేద్దామని ఎడిటర్ పట్టు. సరైనదేనా?

గోదారిగట్టు: 96 వేలల్లో ఒక్క వీడియో వాటా ఎంతండి?

పోపులపెట్టె: పప్పు పొంగకుండా ఉండే చిట్కాకే 78 వేలు. మిగతా ఏడూ 1,900 నుంచి 3,100 లోపే. వంటలు దాదాపు అన్నీ 6-8 వేలు.

గోదారిగట్టు: మరి ఆపేది వంటల్ని కాదు. వరసలో పెట్టి మధ్య అంకె చూడండి: చిట్కాకు రెండున్నర వేల పైచిలుకు, వంటకు ఏడు వేలు. మొత్తాలు కలిపితే పప్పు వీడియో మిగతా ఏడింటి లోటును కప్పేస్తుంది. ఇంకోటి, 2వ తేదీన వేసినదాన్నీ 28న వేసినదాన్నీ పక్కపక్కన పెట్టకూడదు. ప్రతిదానికీ మొదటి 7 రోజుల అంకెలే తీసుకోండి.

రీల్స్‌రాజా: రిటెన్షన్ చూడండి బ్రో, చిట్కాలకి వంద శాతం దాటుతుంది. అదే విన్నర్.

గోదారిగట్టు: రిటెన్షన్ చూడమనడం వరకు నిజమే. కానీ 15 సెకన్ల వీడియో తిరిగి మొదలైతే వంద దాటడం మామూలే. నిమిషం వీడియోతో దానికి పోటీ పెట్టకూడదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే మొదలైతే చాలు, వ్యూ కింద లెక్క. కాబట్టి స్టూడియోలో Engaged views కూడా చూడండి.

సుజాత_కిచెన్: మేం రాత్రి ఎనిమిదింటికి వేస్తే బాగా వస్తాయి. మీరు ఎన్నింటికి వేస్తారు?

గోదారిగట్టు: సుజాత గారూ, ఇక్కడ టైమింగ్ గొడవ కాదండి. పోపులపెట్టె గారూ, వంటల గ్రాఫ్ ఎక్కడ పడుతోంది?

పోపులపెట్టె: తెరమీద పదార్థాల జాబితా వచ్చే చోట, 9వ సెకను దగ్గర నిట్టనిలువుగా.

గోదారిగట్టు: ఆగి చూసేవాళ్లు ఉన్నారు, జాబితా రాగానే పోతున్నారన్నమాట. ఫార్మాట్ ఉంచి, ఆ జాబితా తీసి డిస్క్రిప్షన్లో పెట్టండి. ఒకేసారి నిడివి, తొలి ఫ్రేము, పాట అన్నీ మార్చారంటే ఏది పనిచేసిందో తేలదు. చిట్కాల్లో ఎక్కువమంది తొలి సెకన్లోనే స్వైప్ చేస్తుంటే, ఫలితం కనబడే ఫ్రేముతో మొదలుపెట్టి ఇంకో నాలుగు వేయండి. అప్పటికీ మధ్య అంకె కదలకపోతే ఆపేయండి.

రీల్స్‌రాజా: నాలుగు చాలవు, పది కావాలి. జవాబుల వీడియోలు మాత్రం దండగ, తీసేయండి.

పోపులపెట్టె: జవాబుల నుంచి సబ్‌స్క్రైబర్లు 31 మంది వచ్చారు, వంటల నుంచి 40.

గోదారిగట్టు: 5 వేల వ్యూస్‌కి 31 అంటే వంటల కంటే నిష్పత్తి చాలా మెరుగు. నేనైతే నెలకి రెండు ఉంచుతాను.

రీల్స్‌రాజా: నాలుగు వీడియోల అంకెకి నిష్పత్తులేంటి సార్? చిట్కాకి మధ్య అంకె అని, ఇక్కడ మొత్తమా?

గోదారిగట్టు: ఆ మాట ఒప్పుకుంటా. 31లో ఒక్క వీడియోకే ఎన్ని వచ్చాయో చూడండి పోపులపెట్టె గారూ.