ఈ పొడుగాటి రివ్యూని నమ్మొచ్చా?

నాన్నగారికి వినికిడి మిషన్ కొనాలని చూస్తున్నాను. ఒకదానికి చాలా పెద్ద ఐదు నక్షత్రాల రివ్యూ ఉంది. సగం దాకా కంపెనీ వివరణలో ఉన్న మాటలే, మిషన్ పూర్తి పేరు మోడల్ నంబరుతో సహా మూడుసార్లు వచ్చింది. మామూలుగా వాడేవాళ్లు అలా రాయరు కదా, అక్కడే అనుమానం వచ్చింది.

కానీ మధ్యలో ఒక ముక్క ఉంది: "కళ్లజోడు తీసేటప్పుడు ట్యూబ్ కూడా లేచి వస్తోంది, ఫోన్ చెవికి ఆనిస్తే కీచుమంటోంది." ఇది పెట్టుకుని తిరిగినవాళ్లకే తెలిసే ఇబ్బంది అనిపించింది.

ఈ రివ్యూ రాసినావిడ పాత రివ్యూలు కూడా చూశాను. మొత్తం తొమ్మిది, అన్నీ ఐదు నక్షత్రాలే, రెండు రోజుల్లో రాసినవే. పాత కొనుగోళ్లన్నిటికీ ఒకేసారి కూర్చుని రాసి ఉండొచ్చు కూడా. రివ్యూ పక్కన ఆవిడ నిజంగానే కొన్నట్టు సైటు పెట్టే గుర్తు ఉంది గానీ, రివ్యూ రాశాక డబ్బు వెనక్కిచ్చే అమ్మకందార్లు ఉంటారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ కళ్లజోడు సంగతి వేరేవాళ్ల మూడు నక్షత్రాల రివ్యూ నుంచి ఎత్తి రాసిందేమో ఎలా పట్టుకోవాలి? ఇలాంటప్పుడు మీరు వివరానికి విలువిస్తారా, రాసినవాళ్ల చరిత్రకా? దయచేసి చెప్పండి, నాన్నగారు ఇప్పటికే ఒకటి కొని మోసపోయారు.