టైఫాయిడ్ తగ్గిన వంటావిడను మళ్లీ కిచెన్‌లోకి ఎప్పుడు రానివ్వొచ్చు?

అమీర్‌పేట మెస్
మాది అమ్మాయిల హాస్టల్, ముప్పై మందికి వంట అవుతుంది. మా వంటావిడకు పోయిన నెలలో టైఫాయిడ్ వచ్చింది. బ్లడ్ కల్చర్‌లో తేలింది కాబట్టి అనుమానమేమీ లేదు. ఆసుపత్రిలో ఇంజెక్షన్లు, ఇంటికొచ్చాక మాత్రలు, మొత్తం రెండు వారాల కోర్సు మొన్న ఆదివారంతో అయిపోయింది. జ్వరం లేదు, అన్నం బాగానే తింటోంది, రేపటి నుంచి వస్తానంటోంది. డాక్టరు గారు పనికి వెళ్లొచ్చని చీటీ రాసిచ్చారు కానీ, ఈవిడ చేసేది వంట పని అని ఆయనకు చెప్పినట్టు లేదు. హాస్టల్లో ఒకమ్మాయి నాన్నగారేమో వైడాల్ నెగెటివ్ వచ్చేదాకా రానివ్వొద్దంటున్నారు. చేయిస్తే పాజిటివే వచ్చింది. ఇప్పుడు ఎవరి మాట వినాలి?

రిటైర్డ్ గార్డు
ఆ నాన్నగారు చెప్పిందే సరైనది. వైడాల్ పాజిటివ్ అంటే క్రిమి ఒంట్లో ఉన్నట్టే. మా కాలంలో మూడు వారాలు జ్వరం, మూడు వారాలు పథ్యం, ఆ తర్వాతే బయటికి. అయినా మరీ కంగారు పడకండి. పొయ్యి మీద మరిగిన పప్పులో ఏ క్రిమీ బతకదు.

ల్యాబ్ బాబాయ్
గార్డు గారూ, పప్పు సంగతిలో మీతో ఏకీభవిస్తాను, వైడాల్ సంగతిలో కాదు. వైడాల్ చూసేది క్రిమిని కాదు, క్రిమి మీద మన ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీలను. జబ్బు పూర్తిగా తగ్గినవాళ్లకు కూడా అది నెలల తరబడి పాజిటివ్‌గా ఉంటుంది. ఎప్పుడో వచ్చిపోయినవాళ్లకు, టీకా వేయించుకున్న కొందరికి కూడా వస్తుంది. దాని కోసం ఆగితే ఆవిడకు దసరా దాకా పని ఉండదు. పైగా నెగెటివ్ వచ్చినా, మలంలో క్రిమి పోవడం లేదని దాని అర్థం కాదు.

మెస్ మేడం, మీకు కావాల్సింది మోషన్ కల్చర్. టైఫాయిడ్ ఒకరి నుంచి ఒకరికి పాకేది మలంలోంచే కాబట్టి అక్కడే వెతకాలి. మాత్రలు వాడుతుండగా శాంపిల్ ఇస్తే క్రిమి అణిగి ఉండి రిపోర్టు నెగెటివ్ వచ్చేస్తుంది. మా ల్యాబ్‌కు వచ్చే వాటిలో సగం ఇలాంటివే. కోర్సు అయ్యాక కొన్నాళ్లు ఆగి ఇవ్వాలి. ఇంకొకటి, క్రిమి రోజూ ఒకేలా బయటికి రాదు. ఒకరోజు కనిపించి రెండు రోజులు కనిపించకపోవచ్చు. అందుకే ఒక్క నెగెటివ్‌తో తేల్చలేం.

బర్మింగ్‌హామ్ నర్సు
ఇక్కడ బ్రిటన్‌లో అయితే మామూలు ఆఫీసు ఉద్యోగికి ఇంత తతంగం ఉండదు. జ్వరం పోయి, విరేచనాలు ఆగి 48 గంటలైతే వెళ్లిపోవచ్చు. కానీ వంట చేసేవాళ్లు, వడ్డించేవాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, చిన్నపిల్లల్ని చూసుకునేవాళ్ల విషయంలో రూలు వేరు. కోర్సు అయిన వారం తర్వాత మొదలుపెట్టి, కనీసం 48 గంటల తేడాతో మూడు శాంపిళ్లు, మూడూ నెగెటివ్ రావాలి. అమెరికాలో గడువులు కాస్త వేరుగా ఉన్నా, మూడు నెగెటివ్‌లు అన్న పద్ధతి అక్కడా ఉంది.

మీ లెక్కకు వస్తే, మాత్రలు ఆదివారం అయిపోయాయి కాబట్టి వచ్చే ఆదివారం దాకా ఆగండి. ఆ తర్వాత సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక్కో శాంపిల్. కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి చివరి రిపోర్టు ఆ పై మంగళవారానికి చేతికొస్తుంది. అంటే చివరి మాత్ర నుంచి రెండు వారాలు దాటుతుందన్నమాట.

నిద్రలేని టెక్కీ
నాకు శుక్రవారం నుంచి వాంతులు, విరేచనాలు. మా టీంలో ముగ్గురికి ఇదే. నేను కూడా మూడు టెస్టులు చేయించాలా? మేనేజరు సోమవారం ఆఫీసుకు రమ్మంటున్నాడు.

బర్మింగ్‌హామ్ నర్సు
అక్కర్లేదు తమ్ముడూ, నీది వేరే కథ. టీం మొత్తానికి ఒకేసారి వచ్చిందంటే నోరోవైరస్ లాంటిదై ఉండొచ్చు. చివరి వాంతి, చివరి విరేచనం, ఏది తర్వాత అయితే అక్కడి నుంచి 48 గంటలు లెక్కపెట్టుకో. వైరస్ ఆ తర్వాత కూడా రెండు వారాల దాకా మలంలో పోతూనే ఉంటుంది, కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కో. శానిటైజర్ దీని మీద సరిగా పనిచేయదు. రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా డాక్టరు దగ్గరికి వెళ్లు.

నిద్రలేని టెక్కీ
సరే అక్కా, వర్క్ ఫ్రం హోం అడుగుతా. క్యాంటీన్‌లో పునుగులు తినడం మాత్రం ఆపను.

ఇద్దరు పిల్లల తల్లి
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, మా పెద్దాడి గురించి అడగాలి. నాలుగో తరగతి. పచ్చకామెర్లు, రిపోర్టులో హెపటైటిస్ ఎ అని వచ్చింది. కళ్లు పచ్చబడి పది రోజులు దాటింది. జ్వరం లేదు, ఇంట్లో గెంతుతున్నాడు. స్కూలు వాళ్లేమో బిలిరుబిన్ నార్మల్ అయిన రిపోర్టు తెస్తేనే రానిస్తామంటున్నారు. నిన్న ఇంకా 4 ఉంది. వాడి కంచం, గ్లాసు అన్నీ వేరుగా పెట్టాను. చిన్నదానికి అంటుకుంటుందేమోనని టెన్షన్.

బర్మింగ్‌హామ్ నర్సు
అమ్మా, హెపటైటిస్ ఎ బాగా పాకేది కళ్లు పచ్చబడకముందు, ఆ ముందరి రెండు వారాల్లో. పచ్చబడ్డాక వారం గడిస్తే స్కూలుకు పంపొచ్చనే ఇక్కడి నియమం. బిలిరుబిన్ తగ్గడం లివర్ కోలుకోవడానికి సంబంధించింది, దాని దారిన అది వారాలు తీసుకుంటుంది. అది చూసి అంటుకుంటుందో లేదో చెప్పలేం. ఓపిక ఉండి తింటున్నాడంటే, అంటుకుంటుందన్న భయంతో ఆపాల్సిన పని లేదు. ఈ మాట మీ డాక్టరుతో కాగితం మీద రాయించి ఇవ్వండి, స్కూలు నోటిమాట వినదు.

కంచం వేరు పెట్టేనాటికే చిన్నదానికి అంటుకోవాల్సిన సమయం చాలావరకు అయిపోయింది. దానికి టీకా వేయించకపోతే ఈరోజే పిల్లల డాక్టరును అడగండి. అంటుకునే అవకాశం కలిగిన రెండు వారాల లోపు వేస్తే టీకా ఇంకా పనికొస్తుంది.

కరీంనగర్ పెద్దమ్మ
టీకాలెందుకు బిడ్డా, నేల ఉసిరి పసరు మూడు పొద్దులు తాగిస్తే కామెర్లు కడుక్కుపోతాయి. మా ఇంట్ల అందరికీ అట్లనే తగ్గింది.

ల్యాబ్ బాబాయ్
పెద్దమ్మా, హెపటైటిస్ ఎ చాలామందికి పసరు తాగినా తాగకపోయినా తగ్గుతుంది. దెబ్బతిని ఉన్న లివర్ మీద తెలియని మందు పోయొద్దనే నా మాట. ఇంకోటి, అన్ని కామెర్లూ ఒకటి కాదు. గాల్‌బ్లాడర్‌లో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు ఎవరికీ అంటుకోవు. హెపటైటిస్ బి, సి రక్తం ద్వారా పాకేవి, పక్కన కూర్చుని తింటే రావు. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ ఉంటే మాత్రం ఇంట్లో గర్భిణులు ఉన్నారేమో చూసుకోవాలి, వాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

అమీర్‌పేట మెస్
మళ్లీ నా గోలకు వస్తాను. రెండు వారాలు ఆపితే ఆవిడ ఊరుకోదు. ఇంటి అద్దె కట్టాలి. కనీసం కూరగాయలు తరగడానికైనా రమ్మందామా?

ల్యాబ్ బాబాయ్
అదే వద్దు. గార్డు గారన్నట్టు మరిగిన పప్పులో ప్రమాదం తక్కువ. ప్రమాదమంతా వండిన తర్వాత చేయి తగిలేవాటిలో, అసలు ఉడకనివాటిలో ఉంటుంది. రోటి పచ్చడి, పెరుగు చట్నీ, కీరా ముక్కలు, కొత్తిమీర చల్లడం, మంచినీళ్ల క్యాన్‌లో గ్లాసు ముంచడం, వడ్డన. తరగడమంటే సరిగ్గా ఆ పనే. గదులు ఊడవడం, సామాను లెక్క రాయడం లాంటివి చెప్పండి, జీతం మాత్రం కోయకండి. కోస్తే ఇంకో హాస్టల్లో చేరి అక్కడ వండుతుంది, అక్కడ మీలా అడిగేవాళ్లు కూడా ఉండరు.

న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటావిడ కథ అదే కదా. ఆవిడకు ఏ జబ్బూ కనిపించేది కాదు, వంట చేసిన ఇళ్లలో మాత్రం టైఫాయిడ్. 1907లో పట్టుకెళ్లి ఒక ద్వీపంలో ఉంచారు, వంట చేయనని మాటిచ్చాక 1910లో వదిలారు. బట్టలుతికితే డబ్బులు చాలక పేరు మార్చుకుని మళ్లీ వంటకే వెళ్లింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో టైఫాయిడ్ వస్తే, అక్కడ వండుతున్నది ఆవిడే.

రిటైర్డ్ గార్డు
జబ్బే కనిపించనివాళ్ల దగ్గరి నుంచి ఎలా వస్తుందయ్యా?

ల్యాబ్ బాబాయ్
గాల్‌బ్లాడర్‌లో క్రిమి కాపురం పెడుతుంది గార్డు గారూ, ముఖ్యంగా అక్కడ రాళ్లున్నవాళ్లలో. వైద్యం లేకపోతే పదిమందిలో ఒకరు మూడు నెలల దాకా క్రిమిని వదులుతూ ఉంటారు. నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఏడాది దాటినా వదులుతూనే ఉంటారు. మందులు సరిగా వాడితే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది.

మేడం, ఒక్క ప్రశ్న. ఈవిడ కంటే ముందు హాస్టల్లో ఎవరికైనా టైఫాయిడ్ వచ్చిందా?

అమీర్‌పేట మెస్
వేసవిలో ఇద్దరమ్మాయిలకు వచ్చింది. బయట పానీపూరీ తిన్నారేమో అనుకున్నాం.

ల్యాబ్ బాబాయ్
పానీపూరీయే కావచ్చు. కానీ తర్వాత వంటావిడకూ వచ్చిందంటే, ముగ్గురికీ ఒకే చోటు నుంచి వచ్చిందేమో చూడాలి. సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు పరీక్షకు పంపండి, డ్రైనేజీ పైపు సంపు పక్కనుంచి పోతోందేమో చూడండి. వంటగదిలో ఇంకెవరున్నారు? జ్వరం రాని మనిషిని కూడా పరీక్ష చేయించాలి.

అమీర్‌పేట మెస్
ఒక హెల్పర్ ఉంది. ఐదేళ్లుగా ఇక్కడే. ఎప్పుడూ జ్వరమని పడుకోలేదు, గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని ఆపరేషన్‌కు మాత్రం భయపడుతోంది. మీరిలా చెబుతుంటే నాకు నిద్ర పట్టేలా లేదు.

కూకట్‌పల్లి కర్రీ పాయింట్
ఫుడ్ లైసెన్సు రూల్స్‌లోనే వంటవాళ్లకు ఏడాదికోసారి మెడికల్ ఉంది, టైఫాయిడ్ టీకా కూడా. నిజం చెప్పాలంటే చాలాచోట్ల సర్టిఫికెట్ మనిషిని చూడకుండానే వస్తుంది. మూడేసి కల్చర్లంటే మాలాంటివాళ్లు చేయించగలరా? చట్టంలో ఉన్నది చేస్తే చాలదా?

బర్మింగ్‌హామ్ నర్సు
ఒక్కటీ చేయించకపోవడం కంటే రెండైనా నయం అండీ. టీకా మంచిదే, హైదరాబాద్‌లోనే తయారవుతోంది కూడా. కాకపోతే అది కొత్తగా రాకుండా కాపాడేది, ఇప్పటికే గాల్‌బ్లాడర్‌లో ఉన్నదాన్ని తీసేయదు.

కూకట్‌పల్లి కర్రీ పాయింట్
రెండు చాలని ఎక్కడైనా రాసి ఉందా? ఉంటే నేనూ చేయిస్తా.

అమీర్‌పేట మెస్
తాజా సంగతి. వంటావిడకు జీతం ఇస్తానన్నాక కూర్చుంది. మొదటి శాంపిల్ నెగెటివ్, రెండోది ల్యాబ్‌లో ఉంది. ట్యాంకు నీళ్ల రిపోర్టు ఇంకా రాలేదు, అప్పటిదాకా తాగే నీళ్లు కాచి ఇస్తున్నాం. హెల్పర్ మాత్రం పరీక్షకు ఒప్పుకోవడం లేదు, "నాకేం జబ్బు ఉందని?" అని ఏడ్చింది. పాజిటివ్ వస్తే పని పోతుందని భయం. వస్తే వైద్యం ఉంటుందా బాబాయ్ గారూ?

ల్యాబ్ బాబాయ్
ఉంటుంది. నెల రోజుల యాంటీబయోటిక్ కోర్సు ఇస్తారు, రాళ్లుంటే ఒక్కోసారి గాల్‌బ్లాడర్ తీసేయాల్సి వస్తుంది. మన దగ్గర సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులకు లొంగని రకం ఎక్కువ కాబట్టి, ఏ మందు పనిచేస్తుందో కల్చర్ రిపోర్టులో చూసి డాక్టరే నిర్ణయించాలి. ముందు పని పోదని ఆవిడకు మాటివ్వండి. ఎలాగూ రాళ్లకు సర్జన్ దగ్గరికి వెళ్లాల్సిందే కదా, ఈ పరీక్ష కూడా ఆయన చేత రాయించండి. మీరు అడిగితే అనుమానం, ఆయన రాస్తే వైద్యం అనుకుంటుంది. అప్పటిదాకా పచ్చడి, పెరుగు, వడ్డన ఆవిడ చేతికి ఇవ్వకండి.