వినిపించని వాటర్‌మార్క్ వేసిన పాట లీకైంది, ఎవరి కాపీయో తేల్చడం ఎలా?

ప్రొద్దుటూరు సౌండ్: అందరికీ నమస్కారం. మాది కడప జిల్లాలో చిన్న రికార్డింగ్ గది. చెక్క భజన పాటలు, జాతర పాటలు చేస్తుంటాం. ఈ మధ్య ఒక పాటను విడుదలకు ముందు ఐదుగురికి పంపాం. రాసినాయన, పాడినామె, డబ్బు పెట్టినాయన, ఛానల్ వాళ్లు, వీడియో ఎడిటర్. వారం తిరక్కుండానే అది వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసింది. నేను ముందుజాగ్రత్తగా ఒక్కొక్కరి కాపీలో 19 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి టోన్‌ను వేరు వేరు వరుసల్లో పెట్టాను. లీకైన ఫైల్‌ను స్పెక్ట్రోగ్రామ్‌లో చూస్తే 16 కిలోహెర్ట్జ్ పైన అంతా నల్లగా ఉంది, టోన్ జాడే లేదు. ఎవరి కాపీయో ఇప్పుడు తెలుసుకోవచ్చా? తర్వాతి పాటకైనా ఏం చేయాలి? ఐదుగురూ కావాల్సిన వాళ్లే, ఎవరినీ ఊరికే అనుమానించలేక టెన్షన్‌గా ఉంది.

ఆదోని ఆడియో: పాట మధ్యలో రెండు మూడు చోట్ల మీ స్టూడియో పేరు గొంతుతో చెప్పించండి అన్నా. ఎవరు వాడుకున్నా మీదేనని తెలుస్తుంది.

ప్రొద్దుటూరు సౌండ్: మాదని అందరికీ తెలుసు అన్నా. ఐదుగురిలో ఎవరి చేతి నుంచి పోయిందో తెలియాలి.

నంద్యాల మిక్సింగ్: ఇందులో చేసేదేం లేదు. ఎంపీ3 పని ఏంటి? చెవికి వినపడనిదాన్ని తీసి పారేయడం. వాటర్‌మార్క్ అంటేనే వినపడనిది. కాబట్టి ఎంపీ3 చేస్తే పోతుంది, వేవ్ ఫైల్‌గా ఉన్నంతవరకే ఉంటుంది.

కర్నూలు డీఎస్పీ: నంద్యాల తమ్ముడు చెప్పినదాంట్లో మొదటి సగం నిజం, చివరి మాట కాదు. నేను సిగ్నల్ ప్రాసెసింగ్ పనిలోనే ఉంటాను, కాస్త వివరంగా రాస్తాను.

19 కిలోహెర్ట్జ్ టోన్ పోవడానికి కారణం వేరే. 128 కేబీపీఎస్ ఎంపీ3 చేసేటప్పుడు ఎన్‌కోడర్ మామూలుగా 16 కిలోహెర్ట్జ్ దగ్గరే కోసేస్తుంది, మీకు కనిపించిన నలుపు అదే. అక్కడ పెట్టింది ఏదైనా మొత్తంగా పోతుంది. కాబట్టి ఈ లీకైన కాపీలో చదవడానికి ఏమీ మిగల్లేదు. దీన్ని పట్టుకుని ఎవరినీ అడగకండి.

కానీ 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య సంగతి వేరు. పాడినామె మాటలు అర్థమయ్యేది అక్కడే. దాన్ని కోసేస్తే పాటే ఉండదు, అందుకని ఎన్‌కోడర్ అక్కడ శబ్దం బలాన్ని తెలిపే అంకెలను తీసేయదు, దగ్గర్లోని మెట్టుకు మొరటుగా సర్దుతుంది. గుర్తును ఆ అంకెల్లోనే, ఒక చోట రవ్వంత పెంచి, ఇంకో చోట రవ్వంత తగ్గించి దాస్తారు. ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి అన్న వరుస మీ రహస్య కీ నుంచి వస్తుంది.

ఒక్కో చోట పాట ఆ గుర్తు కంటే 50 రెట్లు పెద్దది అనుకోండి. ఒక్క చోట చూస్తే ఏమీ తెలియదు. అదే 10,000 చోట్ల మీ వరుస ప్రకారం కూడితే, గుర్తు అంతా ఒకే వైపు కాబట్టి 10,000 అవుతుంది. పాట మాత్రం అటూ ఇటూ కొట్టేసుకుని సుమారు 100 రెట్లే పెరుగుతుంది, అంటే 5,000. గుర్తు దానికి రెండింతలుగా పైకి తేలుతుంది. ఇప్పుడు కంప్రెషన్ గుర్తు బలాన్ని సగం చేసిందనుకుందాం. మళ్లీ అదే రెండింతలు రావాలంటే 40,000 చోట్లు కావాలి. అంటే నాలుగు రెట్ల నిడివి. పాట పొడవుగా ఉన్నంతసేపు బలహీనపడిన గుర్తును కూడా చదవచ్చు. స్టేటస్‌లో పెట్టిన చిన్న ముక్క దొరికితేనే కష్టం.

నంద్యాల మిక్సింగ్: అక్కా, మరి రవ్వంత మార్పును ఎన్‌కోడర్ సర్దేటప్పుడు పూర్తిగా మింగేయదా?

కర్నూలు డీఎస్పీ: చాలా చోట్ల మింగేస్తుంది. కొన్ని చోట్ల ఆ రవ్వంత మార్పే అంకెను పై మెట్టుకో కింది మెట్టుకో తోస్తుంది. వేల చోట్ల కూడితే ఆ మిగిలిందే పని చేస్తుంది. బిట్‌రేట్ తగ్గేకొద్దీ మెట్లు పెద్దవవుతాయి, మిగిలేది తగ్గుతుంది.

ప్రొద్దుటూరు వారికి: `audiowmark` అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ఇదే పద్ధతి. ముందు కీ తయారు చేసి జాగ్రత్త చేయండి. కీ లేకుండా వేస్తే ఆ ప్రోగ్రామ్ ఉన్న ఎవరైనా గుర్తును చదివేయగలరు. తర్వాత ఒక్కొక్కరికి వేరే 32 అక్షరాల హెక్స్ సంఖ్య ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో పుస్తకంలో రాసుకోండి.

```
audiowmark gen-key studio.key
audiowmark add --key studio.key pata.wav editor.wav 7c19e05ba2d4463f8810b7fe932ad56c
```

పంపే ముందే లీకయ్యే దారిని మీరే నడిచి చూడాలి. ఒకటి 128 ఎంపీ3, ఇంకోటి వాయిస్ నోట్‌లాంటి నాసిరకం ఓపస్. మళ్లీ వేవ్ చేసి చదవండి.

```
ffmpeg -i editor.wav -ac 1 -c:a libopus -b:a 16k t.ogg
ffmpeg -i t.ogg t.wav
audiowmark get --key studio.key t.wav
```

గుర్తు ఒక పూర్తి విడతకు 50 సెకన్ల పైనే పడుతుంది. నాలుగున్నర నిమిషాల పాటలో ఐదు విడతలు వస్తాయి. చివర్లో `all` అని వచ్చే వరుస వాటన్నింటినీ కలిపి చదివింది, ముందు దాన్నే చూడండి. ఏదో ఒక సంఖ్య వచ్చిందని సంబరపడకండి, గుర్తు లేని ఫైల్ నుంచి కూడా ఒక్కోసారి అడ్డదిడ్డమైన సంఖ్య రావచ్చు. అది మీ పుస్తకంలోని ఐదింటిలో ఒకదానితో అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే లెక్క. గుర్తు వేయని అసలు పాటను కూడా ఒకసారి చదివించి చూసుకుంటే ఆ తేడా మీకే తెలుస్తుంది.

అనంతపురం క్లాసులు: మేడమ్, మాది పోటీ పరీక్షల కోచింగ్. ఆడియో పాఠాలు ఒక్కో విద్యార్థికి విడిగా పంపుతాం. వాళ్లు స్పీకర్‌లో పెట్టి ఇంకో ఫోన్‌తో రికార్డు చేసి అమ్ముతున్నారు. దీనికీ పనిచేస్తుందా?

కర్నూలు డీఎస్పీ: గది ప్రతిధ్వని, ఫ్యాన్ చప్పుడు, ఫోన్‌లో శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు, అన్నీ కలిసి కంప్రెషన్ కంటే ఎక్కువ దెబ్బ తీస్తాయి సార్. గంట పాఠం కాబట్టి నిడివి మీకు కలిసొస్తుంది. కానీ పాఠంలో మాటల మధ్య మౌనం ఎక్కువ, శబ్దం లేని చోట గుర్తు దాచడానికి చోటు ఉండదు. మీ గదిలో మీ ఫోన్‌తో చేసి చూడకుండా నేను అవుననలేను.

ప్రొద్దుటూరు సౌండ్: అక్కా, రాత్రి కూర్చుని చేశాను. 128 ఎంపీ3లో ప్రతి విడతలోనూ నేనిచ్చిన సంఖ్యే వచ్చింది. ఓపస్ చేసినదాంట్లో విడతలు విడిగా తప్పుగా వచ్చాయి, `all` వరుస మాత్రం సరిగ్గా కలిసింది. అందులోంచి చిన్న ముక్క కోస్తే ఏమీ రాలేదు. `--strength` 10 నుంచి 15కు పెంచితే ముక్కలో కూడా వస్తుందేమో అని చూశాను. మొదట్లో ఆమె ఒక్కతే పాడే చోట హెడ్‌ఫోన్‌లో సన్నటి గరగర వినిపిస్తోంది.

కర్నూలు డీఎస్పీ: అయితే 10 దగ్గరే ఉంచండి. చెక్కలు, డప్పు మోగే చోట ఎంత దాచినా చెవికి అందదు, ఒంటి గొంతు దగ్గరే బయటపడుతుంది. పాడినామెకు తన గొంతు బాగా తెలుసు, ముందు ఆమే కనిపెడుతుంది.

నంద్యాల మిక్సింగ్: రీల్స్‌లో వేగం పెంచి పెడతారు కదా అక్కా, అప్పుడు?

కర్నూలు డీఎస్పీ: వేగం కొద్దిగా మారినా వరుస పక్కకు జరిగిపోతుంది. గుర్తు బలంగా ఉన్నా కూడిక తప్పు చోట జరిగి సున్నా వస్తుంది. చదివేటప్పుడు `--detect-speed` అని కలిపితే వేగాన్ని వెతికి సరిచేసి చదువుతుంది, టైమ్ ఎక్కువ తీసుకుంటుంది. ఇంకో మాట. మీ ఐదుగురిలో ఇద్దరు కలిసి రెండు కాపీలనూ సగం సగం కలిపేస్తే రెండు గుర్తులూ బలహీనపడి ఒకదానికొకటి అడ్డొస్తాయి. ఈ ప్రోగ్రామ్‌తో దానికి గట్టి జవాబు లేదు.

అనంతపురం క్లాసులు: మేడమ్, మౌనం ఉన్న చోట సన్నగా తంబూర లాంటి శబ్దం కలిపితే గుర్తుకు చోటు దొరుకుతుందా? విద్యార్థులు ఒప్పుకుంటారో లేదో గానీ, ఆదివారం క్లాసురూములో ఒక పాఠం మీద ప్రయత్నించి ఇక్కడే రాస్తాను.