శ్రీనాథుడి ఓడ "జోంగు"నా, "జొంగు"నా?

లలిత: హరవిలాసంలో ఓడల వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి మీది పద్యం రెండు రోజులుగా వదలడం లేదు. "శరధిం గప్పలి జోంగు వల్లి వలికా సమ్మన్ల దెప్పించు" దాకా వచ్చి ఆగిపోతున్నాను. మా నాన్నగారు "జొంగు" అనే చదివేవారు. ఏది సరి? అసలు ఈ ఓడలన్నీ ఏ నెలలో వచ్చేవి?

మూర్తి: మత్తేభం కదండీ, అక్కడ గురువు పడాలి. "జొం" అన్నా సున్న వల్ల గురువే. యతి శ-స మీద నడిచింది, జోతో పనిలేదు. ఛందస్సు తేల్చదు. మలయా వాళ్ల జోంగ్ అనే పెద్ద ఓడ ఇదే అనుకుంటాను, అందుకే నా ఓటు దీర్ఘానికి.

ప్రసాద్: మలయా ఓడలైతే నైరుతి గాలికి జూన్‌లో వచ్చి ఉంటాయి.

మూర్తి: సగం నిజం ప్రసాద్ గారూ. నైరుతి మనవైపు తోసేది పడమటి ఓడల్ని. పర్షియా వైపు హురుమంజి నుంచి తిప్పయ్య తెప్పించే గుర్రాలు ఆ గాలికే రావాలి. అదీ జూన్, జూలైలో కాదు. అప్పుడు సముద్రం పోటెత్తి మలబారు రేవులు మూసేసేవారు. గాలి మెత్తబడే ఆగస్టు చివర చూసుకుని వచ్చేవారు. మలయా, చీనా నుంచి వచ్చేవాళ్లకు నైరుతి ఎదురుగాలి. వాళ్లు ఈశాన్యం కోసం ఆగాలి, అక్టోబరు, నవంబరు తుఫాన్లూ తప్పించుకోవాలి. గాలి తప్పితే నెలల తరబడి పరాయి రేవులోనే. తిప్పయ్య సరుకు ఒక్క గాలికి వచ్చింది కాదు. శ్రీనాథుడు ఏడాది గాలుల్ని ఒక్కచోట కట్టేశాడు, నాకు ఆయన మీద ప్రేమ అందుకే.

నూకరాజు: మాది కాకినాడ దగ్గర. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపేది ఈ గాలి కోసమేగా? మా తాతది తెరచాప తెప్ప. తెల్లారుజామున నేల మీంచి వీచే గాలికి లోపలికి పోయేవాడు, మధ్యాహ్నం సముద్రపు గాలికి తిరిగొచ్చేవాడు. వానాకాలంలో పడమటి గాలి పట్టిందంటే మధ్యాహ్నం గాలి తిరిగేది కాదు. పోవడం సులువే, రావడమే గండం. చాప దించి తెడ్డేసుకుంటూ చీకటి పడ్డాక చేరేవాడు. అరచేతులు బొబ్బలెక్కి అన్నం ముద్ద పట్టుకోలేకపోయేవాడు.

శారద: ఆ నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలమని, నూకరాజు గారూ. అది మర పడవలకే, తాతగారి తెప్పకు వర్తించదు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా, అక్కడ మాత్రం గాలీ కలిసొస్తుంది. ఓడలంటే నాకు గణపతిదేవుడి మోటుపల్లి శాసనమే గుర్తొస్తుంది, 1244 నాటిది. గాలివానకు ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారు. ఈయన సుంకం తప్ప ముట్టనని అభయమిచ్చాడు. అది సరే, "వల్లి వలికా" అంటే రెండు ఓడలా, ఒకటేనా?

మూర్తి: రెండనే నా నమ్మకం. రుజువు అడక్కండి.

లలిత: నాన్నగారి పుస్తకం అన్నయ్య దగ్గరుంది, ఫొటో తెప్పించాను. అచ్చులో దీర్ఘమే ఉంది. నాన్నగారు పెన్సిల్‌తో దాన్ని కొట్టేసి హ్రస్వం దిద్దుకున్నారు. ఎందుకో రాయలేదు.