విదేశీ కొనుగోలుదారులకు రాసే ఈమెయిళ్లలో ‘రివర్ట్ బ్యాక్’, ‘డూ ద నీడ్‌ఫుల్’ బదులు ఏం రాయాలి?

భీమవరంలో రొయ్యల ఎగుమతి కార్యాలయంలో పనిచేస్తున్నాను. అమెరికా కొనుగోలుదారులకు వెళ్లే ఉత్తరాలు మా విభాగమే రాస్తుంది.

ఈమధ్య మావాళ్లు 41/50 కౌంటు రొయ్యలకు ధర పెంచి, ‘ప్లీజ్ రివర్ట్ బ్యాక్ ఆన్ ద ప్రైస్’ అని పంపారు. జవాబివ్వమని మా ఉద్దేశం. అక్కడివాళ్లకు ‘రివర్ట్’ అంటే మునుపటి స్థితికి వెళ్లడం. పాత ధరకే ఇస్తామంటున్నామని అనుకుని సంతోషంగా ఒప్పుకున్నారు! ఇప్పుడు దాన్ని ‘ప్లీజ్ లెట్ అజ్ నో బై థర్స్‌డే ఇఫ్ యు యాక్సెప్ట్ ద న్యూ ప్రైస్’ అని మార్చాను. ఇందులో అడిగేదీ గడువూ రెండూ స్పష్టంగా ఉన్నాయి.

నాకు తేలనిది రెండోది. ‘తగు చర్య తీసుకోగలరు’ అని మన అర్జీల్లో రాస్తే మర్యాదగా ఉంటుంది, ఏం చేయాలో ఎదుటివారికి తెలుసు. అదే అలవాటుతో లేబుల్ నమూనా పంపి ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అంటే, ఏం చేయమంటారని తిరుగు ప్రశ్న వస్తోంది. ‘కుడ్ యు అప్రూవ్ ద అటాచ్డ్ లేబుల్ బై ఫ్రైడే?’ అని రాశాను. పెద్ద కొనుగోలుదారుకు గడువు పెట్టడం ఆజ్ఞలా ఉందని మా మేనేజరు గారు ఒప్పుకోవడం లేదు. గడువు తీసేస్తే కంటైనరు బుకింగ్ జారిపోతుంది.

విదేశీయులతో రోజూ ఉత్తరాలు నడిపేవారు చెప్పండి: గడువుకు కారణం కూడా జోడిస్తే సరిపోతుందా? మీరు వాడే వాక్యం ఏమిటి?